బ్యాక్‌ఫ్లష్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మాన్యువల్ ఇష్యూ చేయాలి: ఒక పంపు ఆర్డర్‌తో మొదటి నుంచి చివరి దాకా

ప్రొడక్షన్ కన్ఫర్మేషన్‌లో ఎర్రర్ వస్తే అందరికీ టెన్షన్. నాకు మాత్రం ఎర్రర్ రాకుండా తప్పు పోస్ట్ అయ్యే బ్యాక్‌ఫ్లష్ అంటేనే ఎక్కువ భయం. ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. లెక్క నిశ్శబ్దంగా తప్పితే మాత్రం మూడు నెలల తర్వాత స్టాక్ లెక్కింపు రోజున బయటపడుతుంది. అప్పటికి ఏ షిఫ్ట్‌లో ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఏ కాంపొనెంట్‌కు బ్యాక్‌ఫ్లష్ పెట్టాలో, దేన్ని స్టోర్స్ నుంచి మనిషే ఇష్యూ చేయాలో ముందే తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఎస్‌ఏపీ స్క్రీన్ల మీద చూపిస్తాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు పేర్లు మారతాయి కానీ ఆలోచన అదే.

బ్యాక్‌ఫ్లష్ చేసే పని చిన్నది. ఆపరేషన్ పూర్తయిందని మనం కన్ఫర్మ్ చేసినప్పుడు, ఇన్ని పీసులు అయ్యాయి కాబట్టి బీఓఎం, అంటే పీసుకు ఏ సరుకు ఎంత పడుతుందో రాసిన జాబితా ప్రకారం ఇంత సరుకు వాడి ఉంటారని సిస్టమ్ లెక్క వేసి, 261 మూవ్‌మెంట్‌తో స్టాక్ తగ్గించేస్తుంది. ఆ సరుకును ఎవరూ తూచలేదు, లెక్కపెట్టలేదు. "వాడి ఉంటారు" అన్న ఆ ఒక్క మాట మీదే మొత్తం నిలబడి ఉంది. ఆ మాట నిజమయ్యే చోట బ్యాక్‌ఫ్లష్ వల్ల రోజూ గంటల పని మిగులుతుంది. నిజం కాని చోట అది తప్పుడు లెక్కను చాలా వేగంగా తయారు చేస్తుంది.

## మన ఉదాహరణ

500 చిన్న నీటి పంపులకు ఒక ప్రొడక్షన్ ఆర్డర్ ఉందనుకుందాం. ఆపరేషన్లు నాలుగు: 0010 బాడీ మెషీనింగ్, 0020 పౌడర్ పెయింటింగ్, 0030 అసెంబ్లీ, 0040 టెస్టింగ్. ఒక్కో పంపుకు ఒక కాస్టింగ్ బాడీ, 0.12 కిలోల పౌడర్ పెయింట్, ఒక మోటార్, ఆరు స్క్రూలు పడతాయి. మోటార్లు సప్లయర్ లాట్ నంబరుతో, అంటే బ్యాచ్‌లుగా వస్తాయి.

ఈ నాలుగు కాంపొనెంట్లకూ ఒకే పద్ధతి పెట్టడం చాలా చోట్ల చూశాను. గో లైవ్ ముందు టైమ్ ఉండదు, "అన్నింటికీ బ్యాక్‌ఫ్లష్ పెట్టేయండి, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు.

## మొదటి మెట్టు: ఒక్కో కాంపొనెంట్‌ను మూడు ప్రశ్నలు అడగండి

వాడకం ప్రతిసారీ బీఓఎంలో రాసినంతే ఉంటుందా? ఏ బ్యాచ్ ఏ ఆర్డర్‌లోకి వెళ్లిందో రేపు ఎవరికైనా చెప్పాల్సి వస్తుందా? సరుకు స్టోర్స్ దాటిన క్షణానికీ, కన్ఫర్మేషన్ పడే క్షణానికీ మధ్య ఎంత సమయం ఉంది?

స్క్రూల సంగతి తేలిక. ఆరంటే ఆరే. ఒకటో రెండో కింద పడినా దాని గురించి ఎవరూ బాధపడరు. బ్యాక్‌ఫ్లష్ పెట్టండి.

కాస్టింగ్ బాడీ కూడా పంపుకు ఒకటే. పాడైతే దాన్ని స్క్రాప్‌గా కన్ఫర్మ్ చేస్తారు. సిస్టమ్ మంచి పీసులకు స్క్రాప్ పీసులను కూడా కలిపి లెక్క వేస్తుంది కాబట్టి పాడైన బాడీ కూడా స్టాక్ నుంచి పోతుంది. ఆపరేటర్ స్క్రాప్ నిజంగా ఎంటర్ చేస్తాడన్న నమ్మకం ఉంటే బ్యాక్‌ఫ్లష్ సరిపోతుంది. ఆ నమ్మకం లేకపోతే ముందు దాన్ని సరిచేసుకోవాలి. స్క్రాప్ రాయని లైన్‌లో ఏ పద్ధతి పెట్టినా పీసుల లెక్క నిలవదు.

పౌడర్ పెయింట్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మోటార్ రెండో ప్రశ్న దగ్గర ఆగుతుంది. ఈ రెండింటి గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు నష్టం జరిగేది అక్కడే.

## రెండో మెట్టు: ఇండికేటర్ పెట్టడం

మెటీరియల్ మాస్టర్‌లో `MM02` తెరిచి `MRP 2` వ్యూకి వెళ్తే `Backflush` అనే ఫీల్డ్ కనిపిస్తుంది. అందులో 1 పెడితే ఎప్పుడూ బ్యాక్‌ఫ్లష్. 2 పెడితే వర్క్ సెంటర్ నిర్ణయిస్తుంది. ఖాళీగా వదిలితే మాన్యువల్ ఇష్యూ. వర్క్ సెంటర్‌లో, అంటే `CR02`లో కూడా ఒక టిక్ ఉంటుంది. రౌటింగ్‌లో, అంటే ఆపరేషన్ల వరుసలో, కాంపొనెంట్‌ను ఆపరేషన్‌కు కేటాయించే చోట మరొకటి ఉంటుంది.

మూడు చోట్ల ఉంటే ఏది నెగ్గుతుంది? సిస్టమ్ ముందు రౌటింగ్‌లో చూస్తుంది. అక్కడ లేకపోతే మెటీరియల్ మాస్టర్‌లో చూస్తుంది. అక్కడ 2 ఉంటేనే వర్క్ సెంటర్ దాకా వెళ్తుంది. కాబట్టి వర్క్ సెంటర్‌లో టిక్ ఉన్నా మెటీరియల్‌లో ఫీల్డ్ ఖాళీగా ఉంటే బ్యాక్‌ఫ్లష్ జరగదు. "టిక్ పెట్టాం కదా, ఎందుకు పోస్ట్ అవ్వట్లేదు" అని అడిగినవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడే ఇరుక్కున్నారు.

నా అలవాటు ఏంటంటే, స్క్రూల లాంటివాటికి 1, ఎప్పుడూ మాన్యువల్ ఇష్యూ చేయాల్సినవాటికి ఖాళీ. 2 అనేది ఒకే కాంపొనెంట్ రెండు రకాల లైన్లలో వాడేటప్పుడు మాత్రమే. లేకపోతే నిర్ణయం ఎక్కడ జరిగిందో వెతకడానికే సమయం పోతుంది.

## మూడో మెట్టు: సరుకు ఏ లొకేషన్ నుంచి పోవాలి

ఇది చాలామంది పట్టించుకోని విషయం. బ్యాక్‌ఫ్లష్ సరుకు మెయిన్ స్టోర్స్ నుంచి తగ్గేలా పెట్టకండి. లైన్ పక్కన ఉన్న సరుకుకు సిస్టమ్‌లో ఒక ప్రత్యేక స్టోరేజ్ లొకేషన్ ఉండాలి. `MRP 2` వ్యూలోనే ఉండే ప్రొడక్షన్ స్టోరేజ్ లొకేషన్ ఫీల్డ్‌లో దాన్ని రాయాలి. స్టోర్స్ వాళ్లు సరుకును లైన్‌కు పంపినప్పుడు 311తో ట్రాన్స్‌ఫర్ పోస్ట్ చేస్తారు. కన్ఫర్మేషన్ పడ్డప్పుడు లైన్ లొకేషన్ నుంచి 261 పడుతుంది.

ఇలా ఎందుకంటే, మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మోటార్ల డబ్బాలు సోమవారం లైన్‌కు వెళ్లి, అసెంబ్లీ కన్ఫర్మేషన్ శుక్రవారం పడితే, మధ్యలో ఆ నాలుగు రోజులూ మెయిన్ స్టోర్స్‌లో మోటార్లు ఉన్నట్టు సిస్టమ్ చూపిస్తుంది. స్టోర్‌కీపర్ ర్యాక్ దగ్గరకు వెళ్తే ఖాళీ. లైన్ లొకేషన్ వేరుగా ఉంటే సరుకు ఎక్కడ ఉందో సిస్టమ్‌లోనూ అక్కడే ఉంటుంది.

## నాలుగో మెట్టు: కాంపొనెంట్‌ను సరైన ఆపరేషన్‌కు కట్టండి

`CA02`లో రౌటింగ్ తెరిచి కాంపొనెంట్ అలొకేషన్‌కు వెళ్లండి. బాడీ 0010కి, పౌడర్ 0020కి, మోటార్, స్క్రూలు 0030కి. ఏ ఆపరేషన్‌కూ కట్టకుండా వదిలిన కాంపొనెంట్లన్నీ మొదటి ఆపరేషన్‌కే వెళ్లిపోతాయి.

దీని ఫలితం మన ఆర్డర్‌లో చూడండి. 0010లో మెషీనింగ్ అయ్యాక 490 మంచివి, 10 స్క్రాప్ అని కన్ఫర్మ్ చేశారు. ఏదీ ఏ ఆపరేషన్‌కూ కట్టలేదు, అన్నింటికీ బ్యాక్‌ఫ్లష్ ఉంది. అప్పుడు ఆ ఒక్క కన్ఫర్మేషన్‌తో 500 బాడీలతో పాటు 500 మోటార్లు, 3,000 స్క్రూలు, 60 కిలోల పౌడర్ కూడా స్టాక్ నుంచి పోతాయి. నిజానికి ఆ పాడైన 10 బాడీలు పెయింట్ బూత్ మొహం కూడా చూడలేదు. వాటికి మోటార్ బిగించేదే లేదు. పది మోటార్లు ర్యాక్‌లో ఉంటాయి, సిస్టమ్‌లో మాత్రం ఉండవు.

సరిగ్గా కడితే 0010లో 500 బాడీలు మాత్రమే పోతాయి. 0030లో 490 కన్ఫర్మ్ చేసినప్పుడు 2,940 స్క్రూలు పోతాయి. ఇంకేమీ మార్చకుండా, ఒక్క అలొకేషన్‌తోనే లెక్క నిజమైంది.

## ఐదో మెట్టు: కన్ఫర్మేషన్ చేసేటప్పుడు

`CO11N`లో ఆర్డర్, ఆపరేషన్, మంచి పీసులు, స్క్రాప్ ఎంటర్ చేశాక వెంటనే సేవ్ చేయకండి. `Goods movements` బటన్ నొక్కితే సిస్టమ్ ఏం పోస్ట్ చేయబోతోందో కనిపిస్తుంది: మెటీరియల్, పరిమాణం, లొకేషన్, బ్యాచ్. కొత్త రౌటింగ్‌తో మొదటి కొన్ని ఆర్డర్లకు ఇది తప్పకుండా చూడండి. మెటీరియల్ జాబితాలో లేకపోతే ఇండికేటర్ తప్పు. లొకేషన్ ఖాళీగా ఉంటే మాస్టర్ తప్పు. పరిమాణం వింతగా ఉంటే బీఓఎం యూనిట్ చూడండి. గ్రాములు రాయాల్సిన చోట కిలోలు రాసిన కేసులు చూశాను.

ఈ స్క్రీన్‌లోనే పరిమాణాన్ని మార్చి, అసలు వాడింది రాయొచ్చు. దీన్ని మధ్యేమార్గంగా కొందరు సూచిస్తారు. నాకు దీని మీద ఒక షరతు ఉంది: ఆపరేటర్ దగ్గర తూకం గానీ మీటర్ రీడింగ్ గానీ ఉండాలి. చేతిలో అంకె లేని మనిషి ముందు స్క్రీన్ పెడితే అతను సిస్టమ్ చూపించిన అంకెనే సేవ్ చేస్తాడు. అది అతని తప్పు కాదు.

## ఆరో మెట్టు: `COGI` రోజూ చూడండి

ఆటోమేటిక్ మూవ్‌మెంట్ పోస్ట్ కాకపోతే ఆ రికార్డు `COGI`లో పడుతుంది. కన్ఫర్మేషన్ మాత్రం సేవ్ అయిపోతుంది. అంటే పంపులు అయ్యాయి, సరుకు ఇంకా పోలేదు. (ఎర్రర్ వస్తే కన్ఫర్మేషనే ఆగిపోయేలా `OPK4`లో పెట్టొచ్చు. కానీ రాత్రి షిఫ్ట్‌లో స్టాక్ ఎర్రర్‌ను సరిచేసే మనిషి లేకపోతే లైన్ వాళ్లు కన్ఫర్మేషనే మానేస్తారు. అలాంటి చోట ఆ సెట్టింగ్ పెట్టకండి.)

అక్కడ ఎక్కువగా కనిపించేది `M7 021`, అంటే స్టాక్ చాలలేదు అన్న మెసేజ్. సరుకు లైన్‌లో భౌతికంగా ఉంది, వాడేశారు, కానీ 311 పోస్ట్ చేయడం మరిచిపోయారు. ఇలాంటప్పుడు ఆ ట్రాన్స్‌ఫర్ పోస్ట్ చేసి, `COGI`లో మళ్లీ ప్రాసెస్ చేస్తే సరిపోతుంది. పరిమాణం మార్చి ఎర్రర్ పోగొట్టడం, రికార్డును డిలీట్ చేయడం, ఈ రెండూ వద్దు. డిలీట్ చేస్తే ఆ వాడకం ఎప్పటికీ లెక్కలోకి రాదు.

ఇంకో పొరపాటు మరీ ఎక్కువగా జరుగుతుంది. `COGI`లో మోటార్లు ఆగి ఉన్నాయని చూసి ఎవరో మంచి మనసుతో `MIGO`లో మాన్యువల్‌గా 261 వేసేస్తారు. రికార్డు `COGI`లో అలాగే ఉంటుంది. వారం తర్వాత స్టాక్ వచ్చాక ఇంకొకరు దాన్ని ప్రాసెస్ చేస్తారు. ఒకే సరుకు రెండుసార్లు పోయింది. కాబట్టి `COGI`లో ఉన్నదాన్ని `COGI`లోనే తేల్చండి, పక్కదారి వద్దు.

అలాగే నెల మారితే ఈ రికార్డులు బరువవుతాయి. పాత పోస్టింగ్ తేదీతో ఉన్న రికార్డు, పీరియడ్ మూసేశాక `M7 053`తో ఆగిపోతుంది. తేదీ మార్చి పోస్ట్ చేయొచ్చు కానీ ఖర్చు తర్వాతి నెలలో పడుతుంది. పాత నెలలో ఆ ఆర్డర్ చవగ్గా తయారైనట్టు కనిపిస్తుంది.

## పౌడర్ పెయింట్: ఏ ఎర్రర్ రాని తప్పు

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన నిశ్శబ్దపు తప్పు. మన ఆర్డర్‌లో 490 బాడీలు పెయింట్ అయ్యాయి. బ్యాక్‌ఫ్లష్ పెట్టి ఉంటే 490 × 0.12, అంటే 58.8 కిలోలు పోతాయి. పెయింట్ బూత్ దగ్గర నిలబడి చూస్తే కథ వేరు. 25 కిలోల డబ్బాలు మూడు తెరిచారు, చివర్లో 5 కిలోలు మిగిలాయి. వాడింది 70 కిలోలు. తేడా 11.2 కిలోలు. బాడీకి అంటుకోకుండా గాల్లోకి పోయేది కొంత, రంగు మార్చినప్పుడు గొట్టాలు, బూత్ శుభ్రం చేస్తే పోయేది కొంత.

ఇలాంటి ఆర్డర్లు ఐదు నడిచాయనుకోండి. తేడా 56 కిలోలు. సిస్టమ్‌లో 80 కిలోలు చూపిస్తోంది, డబ్బాల్లో ఉన్నది 24. తర్వాతి ఆర్డర్‌కు 60 కావాలి. 80 ఉంది కదా అని, సరుకు అవసరాలు లెక్కేసే ఎంఆర్‌పీ కొనుగోలు ప్రతిపాదన ఇవ్వదు. రిలీజ్ చేసేటప్పుడు అవైలబిలిటీ చెక్ కూడా పాస్ అవుతుంది. సగం బాడీలు కూడా కాకుండానే బూత్ ఆగుతుంది. ఇంత జరిగినా `COGI` ఖాళీగానే ఉంటుంది. నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో సరిగ్గా ఇలాగే జరిగింది. స్టోర్స్ వాళ్ల మీద అనుమానం పడింది. వాళ్లు ఒక్క గ్రాము కూడా తప్పు చేయలేదు.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఒక దారి ఉంది. `MB51`లో ఆ మెటీరియల్‌కు 701, 702 మూవ్‌మెంట్లు మాత్రమే తీయండి. ఇవి స్టాక్ లెక్కింపులో దొరికిన తేడాలు: 701 ఎక్కువ ఉన్నప్పుడు, 702 తక్కువ ఉన్నప్పుడు. ఒకసారి 701, ఒకసారి 702 వస్తుంటే అది లెక్కించడంలోనో, పోస్టింగ్ ఆలస్యంలోనో ఉన్న గొడవ. ప్రతి లెక్కింపులోనూ 702 మాత్రమే వస్తుంటే బీఓఎం తక్కువ చెబుతోందని నేను ముందుగా అనుమానిస్తాను. ఇంకో సంగతి: ఆ నష్టం పంపు ఖర్చులో కనబడదు. స్టాక్ తేడాల ఖాతాలో పడుతుంది. ఆర్డర్ మీద వాడకం తేడా సున్నా అని చూసి ఖర్చుల లెక్క చూసేవాళ్లు సంతోషపడుతుంటారు.

బీఓఎంలో 0.12ని 0.14 చేస్తే సరిపోదా అని అడుగుతారు. 500 పీసుల ఆర్డర్‌కు దాదాపు సరిపోవచ్చు. కానీ శుభ్రం చేయడంలో పోయే పౌడర్ 50 పీసుల ఆర్డర్‌కూ అంతే, 500కూ అంతే. పీసుకు ఇంత అన్న లెక్కలో అది ఇమడదు. అందుకే ఇలాంటి సరుకును ముందు మాన్యువల్ ఇష్యూ చేయించండి.

`MIGO`లో `A07`, `R08` ఎంచుకుని ఆర్డర్ నంబర్ ఇస్తే కాంపొనెంట్ల జాబితా వస్తుంది. పౌడర్ లైన్‌లో తూచిన పరిమాణం రాసి, టిక్ పెట్టి, 261తో పోస్ట్ చేయాలి. మూడు డబ్బాలూ తీసుకెళ్లినప్పుడు 75 ఇష్యూ చేసి, మిగిలిన 5 కిలోలు వెనక్కి వచ్చినప్పుడు 262తో తిరిగి తీసుకోవాలి. ఈ 262 మరిచిపోవడమే మాన్యువల్ ఇష్యూలో ఉన్న పెద్ద బలహీనత. మిగిలిన డబ్బా మీద ఆర్డర్ నంబర్ రాసి స్టోర్స్‌కు పంపడం అనే చిన్న అలవాటు ఉంటేనే ఇది నిలబడుతుంది.

## మోటార్: పరిమాణం సరే, బ్యాచ్ తప్పు

మోటార్ల సంఖ్యలో గొడవ లేదు. పంపుకు ఒకటి. కానీ లైన్ దగ్గర రెండు లాట్లు ఉన్నాయి, పాతది, కొత్తది. బ్యాక్‌ఫ్లష్‌కు బ్యాచ్ కావాలి కాబట్టి బ్యాచ్ డిటర్మినేషన్ పెట్టి, పాతది ముందు అన్న నియమం ఇచ్చారు. సిస్టమ్ పాత లాట్‌ను పోస్ట్ చేసింది. బిగించే మనిషి చేతికి దగ్గరగా ఉన్న కొత్త లాట్ డబ్బా తెరిచాడు.

కొన్ని వారాల తర్వాత కొత్త లాట్‌లో బేరింగ్ లోపం ఉందని సప్లయర్ చెప్పాడనుకోండి. ఆ లాట్ ఏ ఆర్డర్లలోకి వెళ్లిందో `MB56`లో వెతుకుతారు. వచ్చే జాబితా తప్పు. మంచి పంపులను వెనక్కి పిలిపిస్తారు, లోపం ఉన్నవి వాడకంలోనే ఉంటాయి. ఇది డబ్బుతో పోయే తప్పు కాదు, అందుకే బ్యాచ్ జాడ అవసరమైన కాంపొనెంట్‌కు నేను బ్యాక్‌ఫ్లష్ ఒప్పుకోను. డబ్బా తెరిచేటప్పుడే లాట్ లేబుల్ స్కాన్ చేసి ఇష్యూ పోస్ట్ చేయాలి. లైన్ దగ్గర ఎప్పుడూ ఒకే లాట్ ఉండేలా నిజంగా చూసుకోగలిగితే మాత్రం బ్యాక్‌ఫ్లష్ నడుస్తుంది.

## పద్ధతి మార్చే రోజు

పౌడర్ మాన్యువల్ ఇష్యూను రెండు మూడు నెలలు నడిపితే ఆర్డర్ వారీగా నిజమైన వాడకం చేతికి వస్తుంది. అప్పుడు పీసుకు ఎంత, రంగు మార్పుకు ఎంత అని విడదీయొచ్చు. రంగు మార్పుకు పోయేదాన్ని బీఓఎంలో ఫిక్స్‌డ్ క్వాంటిటీగా వేరే లైన్ పెట్టండి. తేడా మీరు భరించగలిగేంతకు తగ్గితే తిరిగి బ్యాక్‌ఫ్లష్‌కు వెళ్లండి.

అటు నుంచి ఇటు మారినా, ఇటు నుంచి అటు మారినా ఒక జాగ్రత్త ఉంది. మెటీరియల్ మాస్టర్‌లో ఇండికేటర్ మార్చితే ఇప్పటికే ఉన్న ఆర్డర్లు తమంతట తాము మారవు. ఆర్డర్ తయారైనప్పుడు వచ్చిన ఇండికేటర్ దాని కాంపొనెంట్‌లో అలాగే ఉంటుంది. సోమవారం నుంచి మాన్యువల్ అని చెప్పగానే స్టోర్స్ వాళ్లు పాత ఆర్డర్లకు కూడా `MIGO` వేస్తారు, ఆ ఆర్డర్లు కన్ఫర్మేషన్‌లో మళ్లీ బ్యాక్‌ఫ్లష్ చేస్తాయి. కాబట్టి మార్చే ముందు రోజు `COOIS`లో కాంపొనెంట్ల జాబితా తీసి, ఆ మెటీరియల్ ఉన్న ఓపెన్ ఆర్డర్లను పక్కన పెట్టండి. వాటిని పాత పద్ధతిలోనే పూర్తి చేయిస్తారా, లేక `CO02`లో ఒక్కొక్కటీ తెరిచి కాంపొనెంట్ వివరాల్లో ఇండికేటర్ మారుస్తారా అనేది తేల్చండి. ఆ ఆర్డర్ నంబర్ల జాబితా ప్రింట్ తీసి స్టోర్స్ కౌంటర్ దగ్గర పెట్టండి. చివరి పాత ఆర్డర్ ముగిశాకే దాన్ని తీసేయండి.